పదివేల మందిలో ఎనిమిది మంది

2002 జులైలో అమెరికాలో పదహారు వేల మందికి పైగా మహిళలకు ఉత్తరాలు వెళ్లాయి. మీరు వాడుతున్న మాత్రలు ఇక ఆపేయండి అన్నది అందులోని ముఖ్య విషయం. వాళ్లంతా ‘ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అనే పెద్ద అధ్యయనంలో ఏళ్లుగా పాల్గొంటున్నవాళ్లు. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన హార్మోన్ మాత్ర వేసుకుంటే గుండెజబ్బులు తగ్గుతాయా అన్నది తేల్చడానికి సగం మందికి అసలు మాత్ర, మిగతా సగం మందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరిది ఏ మాత్రో ఆ మహిళలకు తెలియదు. 2005 దాకా సాగాల్సిన పరీక్షను మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. కారణం, మేలు కంటే కీడు ఎక్కువ కనిపించడం.

అధ్యయనం ముగిశాక పరిశోధకులు పాల్గొన్నవాళ్లకు రాసే ఉత్తరం ఎంత కష్టమైనదో ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఫలితాన్ని వైద్య పత్రికలో రాసిన తీరు ఇది: హార్మోన్ మాత్ర వేసుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 26 శాతం ఎక్కువ. లెక్క తప్పు కాదు. కానీ ఆ ముక్కను యథాతథంగా ఉత్తరంలోకి ఎక్కిస్తే చదివే మనిషికి ఏమనిపిస్తుంది? మాత్ర వేసుకున్న ప్రతి వందమందిలో 26 మందికి క్యాన్సర్ వస్తుందనిపిస్తుంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు.

అసలు సంగతి వేరు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న పదివేల మందిని ఒక ఏడాది గమనిస్తే 30 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అసలు మాత్ర వేసుకున్న పదివేల మందిలో 38 మందికి వచ్చింది. ముప్ఫైకి ఎనిమిది కలిస్తే నాలుగో వంతు పెరిగినట్టే, 26 శాతం అన్నది అక్కడి నుంచే వస్తుంది. ఎంతమందిలో, ఎంతకాలంలో అన్న రెండు మాటలూ పక్కన లేని శాతాన్ని ఈ ఉత్తరాల్లో రాయనే కూడదని నేను గట్టిగా అంటాను.

అలాగని ‘ఎనిమిది మందే కదా’ అని తేలిక చేయడమూ తప్పే. ఆ మాత్ర వేసుకున్నది జబ్బు నయం కావడానికి కాదు, జబ్బు రాకుండా ఉండడానికి. అందుకే కీడునూ మేలునూ ఒకే కొలతతో చెప్పాలి. నేను రాస్తే ఇలా రాస్తాను:

“అమ్మా, మీరు ఇన్నేళ్లు మాతో కలిసి నడిచారు. తేలిన విషయం మీకు చెప్పడం మా బాధ్యత. పదివేల మంది ఏడాదిపాటు ఈ మాత్ర వేసుకుంటే, వేసుకోనివాళ్లతో పోలిస్తే అదనంగా ఎనిమిది మందికి రొమ్ము క్యాన్సర్, ఏడుగురికి గుండెపోటు వంటి గుండెజబ్బు, ఎనిమిది మందికి పక్షవాతం, ఎనిమిది మందికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డ వచ్చాయి. పెద్దపేగు క్యాన్సర్ ఆరుగురికి, తుంటి ఎముక విరగడం ఐదుగురికి తగ్గాయి. మొత్తం మరణాల్లో తేడా కనిపించలేదు. ఈ లెక్క మీ ఒక్కరికి ఏమవుతుందో చెప్పదు. మాత్ర ఆపేయండి. రొమ్ము పరీక్షలు మానకండి.”

దీనికి ఇంకో వాక్యం కలపాలి. ఈ పరీక్షలో చేరేనాటికి మహిళల సగటు వయసు 63. నెలసరి అప్పుడే ఆగి, ఒంట్లో వేడి ఆవిర్లు భరించలేక కొద్దికాలం మాత్ర వాడే యాభై ఏళ్ల మనిషికి ఈ ఫలితం నేరుగా వర్తించకపోవచ్చు. ఆ ముక్క లేకపోతే ఉత్తరాన్ని చెల్లెలికో, పక్కింటావిడకో చూపించినప్పుడు అది వాళ్లకూ తీర్పు అయిపోతుంది.

మన ఊళ్లలో ఇలాంటి ఉత్తరం పంపాలంటే మరో జాగ్రత్త కావాలి. చదువురాని పెద్దావిడ ఉత్తరాన్ని మనవడు పైకి చదువుతాడు, వాకిట్లో నలుగురు వింటారు. అందుకే కవరు మీద జబ్బు పేరు ఉండకూడదు, ఎదురుగా కూర్చుని చెప్పే మనిషి ఉంటే మరీ మంచిది. పంపేముందు జాబితా సరిచూసుకోకపోతే, చనిపోయిన మనిషి పేరున ‘మాత్ర ఆపేయండి’ అని ఉత్తరం ఇంటికి చేరుతుంది.

అదే అధ్యయనంలో మరో 10,739 మంది ఉన్నారు. గర్భసంచి తీసేయించుకున్న వీళ్లకు ప్రొజెస్టిన్ అక్కర్లేదు. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీస్తుందన్న భయంతోనే ప్రొజెస్టిన్ కలుపుతారు, ఆ సంచే లేనివాళ్లకు ఆ బెడద లేదు. 2002లో వీళ్లను మాత్ర కొనసాగించమన్నారు. 2004లో వీళ్లకూ ఆపమని కబురు వెళ్లింది. ఈసారి కారణం రొమ్ము క్యాన్సర్ కాదు, అది వీళ్లలో పెరగలేదు. పక్షవాతం పెరిగింది, గుండెకు మేలు కనిపించలేదు. మొదటి ఉత్తరాన్నే తేదీ మార్చి పంపి ఉంటే, ఈ పదివేల మందీ తమకు లేని ప్రమాదానికి భయపడుతూ, ఉన్న ప్రమాదాన్ని తెలుసుకోకుండా ఉండిపోయేవాళ్లు.