ఎముక మూలుగలో మొదలై కిడ్నీ దాకా

1845 అక్టోబరు ఆఖరులో లండన్‌లో డాక్టర్ విలియం మెకింటైర్‌ని ఒక రోగిని చూడ్డానికి పిలిచారు. రోగి పేరు థామస్ అలెగ్జాండర్ మెక్‌బీన్, కిరాణా వ్యాపారి, వయసు 45 దాటలేదు. ఏడాది కిందట విహారానికి వెళ్లినప్పుడు ఒక గుహలోంచి పైకి ఎగిరి దూకబోతే ఛాతీలో ఏదో పుటుక్కున తెగినట్టయింది. అప్పట్నుంచీ నొప్పి. ఆనాటి పద్ధతిలో పట్టీలు వేశారు, నెత్తురు తీశారు, జలగలు పట్టించారు. ఇనుము, క్వినైన్ మందులతో కొన్నాళ్లు తేరుకుని స్కాట్లండ్ కొండల మీద హుషారుగా తిరిగాడు కూడా. మళ్లీ చలికాలం వచ్చేసరికి నడుము, పక్కటెముకలు, తుంటి అన్నీ పట్టేసి మంచం దిగలేని స్థితికి వచ్చాడు.

ఎముకల నొప్పితో పడుకున్న మనిషికి మూత్రపరీక్ష ఎందుకని ఆ రోజుల్లో ఎవరైనా అనుకునేవారే. మెకింటైర్‌కి మాత్రం రోగి ఒంట్లో నీరు కనిపించింది. మూత్రం తెప్పించి కాచాడు. చిక్కబడింది. సరే, ఆల్బుమిన్ పోతోందనుకుని నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేశాడు. ఆల్బుమిన్ అయితే అలాగే ఉండాలి, కానీ మూత్రం తేటపడింది. గంట గడిచాక పసుపుపచ్చగా గడ్డకట్టింది. వేడి చేస్తే మళ్లీ కరిగింది, చల్లారితే మళ్లీ గడ్డకట్టింది. ఉడికించిన గుడ్డు తెల్లసొన తిరిగి నీరు కాదు కదా! ప్రోటీన్ అలా ప్రవర్తించడం అప్పటికి ఎవరూ ఎరగరు. అంతుచిక్కక నవంబరు 1న ఆ మూత్రాన్ని హెన్రీ బెన్స్ జోన్స్ అనే యువ వైద్యుడికి పంపారు. రసాయన శాస్త్రం బాగా తెలిసినవాడు. ఆయన లెక్కకట్టి చూస్తే వెయ్యి పాళ్ల మూత్రంలో దాదాపు 67 పాళ్లు ఆ వింత పదార్థమే. ఆరోగ్యవంతుడి నెత్తుట్లో ఉండే ప్రోటీన్ కూడా సుమారుగా అంతే ఉంటుంది.

1846 జనవరి 1న మెక్‌బీన్ చనిపోయాడు. శవపరీక్షలో పక్కటెముకలు మెత్తబడి కత్తికి తెగాయి. లోపల ఎర్రటి జిగురులాంటి పదార్థం నిండి ఉంది. కిడ్నీలు మాత్రం పైకి చూడ్డానికి బాగానే ఉన్నాయని రాసుకున్నారు. ఎముకలు మెత్తబడే జబ్బుల్లో ఈ పదార్థం కోసం వెతకండని బెన్స్ జోన్స్ తోటి వైద్యులకు చెప్పాడు. ఆ జబ్బునే ఇవాళ మల్టిపుల్ మైలోమా అంటున్నాం. ఆ పదార్థానికి ఆయన పేరే స్థిరపడింది: బెన్స్ జోన్స్ ప్రోటీన్.

అదేమిటో తేలడానికి ఇంకో 117 ఏళ్లు పట్టింది. అది తెలియాలంటే ముందు ఎముక లోపలికి వెళ్లాలి.

మన పెద్ద ఎముకల మధ్యలో ఉండే మెత్తని పదార్థాన్ని మూలుగ అంటాం. నెత్తురు తయారయ్యేది అక్కడే. ప్లాస్మా కణాలు కూడా అక్కడే కాపురముంటాయి. మూలుగలోని కణాల్లో వాటి వాటా మామూలుగా 5 శాతం లోపే. ప్లాస్మా కణం చేసే పని ఒక్కటే, యాంటీబాడీలు తయారుచేయడం. ఒక్కో కణం సెకనుకి వేల సంఖ్యలో యాంటీబాడీలను వదలగలదు. ఒక్కో రకం కణం ఒక్కో రకం యాంటీబాడీ చేస్తుంది. మన నెత్తుట్లో లెక్కలేనన్ని రకాలుండడానికి కారణం అదే. మశూచి టీకాకి ఒక రకం, చిన్నప్పుడు వచ్చిన తట్టుకి ఒక రకం, ఇలా.

యాంటీబాడీలో నాలుగు గొలుసులుంటాయి, రెండు బరువైనవి, రెండు తేలికైనవి. కణం వాటిని విడివిడిగా తయారుచేసి జతచేసి బయటికి పంపుతుంది. తేలికవి కాస్త ఎక్కువే తయారవుతాయి కాబట్టి ఆరోగ్యవంతుల్లోనూ జత దొరకని తేలిక గొలుసులు రోజుకి అర గ్రాము దాకా నెత్తుట్లోకి వస్తాయి. కిడ్నీ వాటిని వడకట్టి, మళ్లీ పీల్చుకుని, ముక్కలు చేసి వాడేస్తుంది. దాంతో మనకు ఏ ఇబ్బందీ లేదు.

మైలోమాలో ఒకే ఒక్క ప్లాస్మా కణం జన్యువులు దెబ్బతిని అదుపు తప్పుతుంది. దాని సంతానమే మూలుగంతా పాకుతుంది. అన్నీ ఒకే తల్లి పిల్లలు కాబట్టి అన్నీ ఒకే రకం యాంటీబాడీ చేస్తాయి. ఏ క్రిమినీ పట్టుకోలేని, ఎందుకూ కొరగాని యాంటీబాడీ గుట్టలుగా పేరుకుంటుంది. మంచి యాంటీబాడీలు చేసే కణాలకు చోటు లేక అవి తగ్గిపోతాయి. అందుకే ఈ రోగులకు న్యుమోనియాలు పదేపదే వస్తాయి. నెత్తురు తయారీ కూడా తగ్గి రక్తహీనత వస్తుంది. ఇక తేలిక గొలుసులైతే అర గ్రాము దగ్గర ఆగవు, వరదలా వస్తాయి. మెక్‌బీన్ మూత్రంలో కరిగి గడ్డకట్టిన పదార్థం అదే. 1962లో ఎడెల్మన్, గాలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక రోగి నెత్తుటి యాంటీబాడీ నుంచి తేలిక గొలుసులను విడదీసి, అదే రోగి మూత్రంలోని బెన్స్ జోన్స్ ప్రోటీన్‌తో పోల్చారు. రెండూ ఒకటే. వేడిచేస్తే ప్రవర్తన కూడా ఒకటే.

మరి ఎముకలు ఎందుకు గుల్లబారతాయి? మూలుగలో కేన్సర్ కణాలు పెరిగి ఎముకను లోపల్నుంచి నొక్కి పగలగొడతాయని చాలామంది ఊహిస్తారు. జరిగేది అది కాదు. ఎముక కదలని రాయి కాదు. పాత ఎముకను తినే కణాలు, ఆ గుంటలో కొత్త ఎముక కట్టే కణాలు జీవితాంతం పక్కపక్కనే పనిచేస్తుంటాయి. తిన్నంత మేర కట్టడం, అంతే లెక్క. మైలోమా కణాలు మూలుగలోని ఇరుగుపొరుగు కణాలను పురిగొల్పి ర్యాంక్-ఎల్ అనే సంకేతాన్ని ఎక్కువగా వదిలేలా చేస్తాయి. తినే కణాలకు అది ఆకలి పెంచే సంకేతం. అదే సమయంలో డీకేకే-1 అనే మరో పదార్థంతో కట్టే కణాల చేతులు కట్టేస్తాయి. తవ్వకం రెట్టింపవుతుంది, పూడ్చేవాళ్లు ఉండరు. ఎక్స్‌రేలో పుర్రె మీద గుండ్రంగా కన్నాలు పొడిచినట్టు కనిపించేది ఇందుకే. పైగా కరుగుతున్న ఎముకలోంచి వచ్చే కొన్ని పదార్థాలు మైలోమా కణాలకే మేత అవుతాయి. అవి పెరిగేకొద్దీ ఎముక ఇంకా కరుగుతుంది.

ఇక్కడో చిక్కుంది. మామూలు బోన్ స్కాన్ వెతికేది ఎముక కట్టే పనిని. మైలోమాలో కట్టేవాళ్లే లేరు కాబట్టి ఎముక గుల్లయినా స్కాన్ శుభ్రంగా కనబడవచ్చు. ఎక్స్‌రేలో కన్నం కనబడాలన్నా ఆ చోట ఎముక చాలాభాగం పోయి ఉండాలి. అందుకే ఇప్పుడు తక్కువ మోతాదు సీటీ, ఎంఆర్‌ఐ, పెట్ స్కాన్‌ల మీద ఆధారపడుతున్నారు.

ఎముకలో మొదలైన నష్టం కిడ్నీకి చేరే దారి ఇక్కడి నుంచే. కరిగిన ఎముకలోని కాల్షియం నెత్తుట్లోకి వస్తుంది. కాల్షియం పెరిగితే కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు. రోగి మాటిమాటికీ మూత్రానికి వెళతాడు, దాహం, మలబద్ధకం, మగత, ఒక్కోసారి మాట తడబాటు. ఒంట్లో నీరు తగ్గిపోతుంది. సరిగ్గా అప్పుడే తేలిక గొలుసుల వరద కిడ్నీ మీద పడుతోంది. పూర్తి యాంటీబాడీ పెద్దది, కిడ్నీ జల్లెడ దాటదు. తేలిక గొలుసు అందులో ఆరో వంతు బరువు కూడా ఉండదు, సులువుగా జారిపోతుంది. జల్లెడ దాటినవాటిని నాళిక మొదటి భాగంలోని కణాలు పీల్చుకుంటాయి. కానీ రోజుకి గ్రాముల కొద్దీ వస్తుంటే వాటి శక్తి చాలదు, ఆ పనిలో అవే దెబ్బతింటాయి. మిగిలిందంతా కిందికి పోతుంది. కింద నాళిక గోడలు మామూలుగానే యూరోమాడ్యులిన్ అనే జిగట ప్రోటీన్‌ని వదులుతుంటాయి. తేలిక గొలుసులు దాన్ని పట్టుకుని గట్టి బిరడాలుగా మారి నాళికను మూసేస్తాయి. నీరు తక్కువైతే ఈ బిరడాలు ఇంకా వేగంగా కడతాయి. వందలు, వేలుగా నాళికలు మూసుకుపోయాయంటే కిడ్నీ రోజుల్లోనే చేతులెత్తేయవచ్చు. ఈ బిరడాలు మైక్రోస్కోపు కింద తప్ప కనబడవు. మెక్‌బీన్ కిడ్నీలు పైకి బాగానే కనిపించాయంటే లోపలా బాగున్నట్టు కాదు.

మూడో దెబ్బ మన చేతులతో మనమే వేసుకుంటాం. వెన్నునొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని వారాల తరబడి మింగడం మన ఇళ్లలో మామూలే. ఈ మాత్రలు కిడ్నీకి రక్తప్రసరణ తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తక్కువై, నాళికల్లో బిరడాలు కడుతున్న కిడ్నీకి అది తట్టుకోలేని భారం. ఎముక నొప్పికి వేసుకున్న మాత్ర కిడ్నీని తీసేసే దారి ఇది.

ఇంకో మోసం మూత్రపరీక్షలో ఉంది. ల్యాబుల్లో మూత్రంలో ముంచే రంగుపట్టీ పట్టుకునేది ముఖ్యంగా ఆల్బుమిన్‌ని. తేలిక గొలుసులు దానికి సరిగా దొరకవు. మూత్రంలో గ్రాముల కొద్దీ బెన్స్ జోన్స్ ప్రోటీన్ పోతున్నా రిపోర్టులో ప్రోటీన్ 'నిల్' అని రావచ్చు. అప్పుడు 24 గంటల మూత్రంలో మొత్తం ప్రోటీన్ లెక్కిస్తే అసలు సంగతి బయటపడుతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. 60 ఏళ్ల మనిషి. మూడు నెలలుగా తగ్గని నడుంనొప్పి, ఆయాసం. హిమోగ్లోబిన్ 8.5, క్రియాటినిన్ 2.6, కాల్షియం 11.8. మొత్తం ప్రోటీన్ 10.2, అందులో ఆల్బుమిన్ 3.1 మాత్రమే. మిగిలిన 7.1 ఏమిటి? ఆరోగ్యవంతుల్లో ఆ తేడా 4 లోపే ఉంటుంది. మిగతాదంతా ఒకే రకం యాంటీబాడీ అయితే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్షలో సన్నని గోపురంలా పైకి లేస్తుంది. తర్వాత మూలుగ తీసి చూస్తే ప్లాస్మా కణాలు 10 శాతమో, ఇంకా ఎక్కువో ఉంటాయి. కానీ కొందరు రోగుల కణాలు తేలిక గొలుసులు మాత్రమే చేస్తాయి. వాళ్లలో మొత్తం ప్రోటీన్ పెరగదు, ఆ గోపురమూ కనబడకపోవచ్చు. కిడ్నీలు ఎక్కువగా దెబ్బతినేదీ వాళ్లకే. వాళ్లను పట్టుకోవాలంటే సీరం ఫ్రీ లైట్ చెయిన్ పరీక్ష కూడా కావాలి.

వైద్యం ఈ జబ్బు బలహీనతను పట్టుకునే చోట నాకు ఆశ్చర్యం కలుగుతుంది. ఇంత ప్రోటీన్ తయారుచేసే కణంలో పాడైన ప్రోటీన్ చెత్త కూడా బాగా పోగవుతుంది. ఆ చెత్తను ముక్కలు చేసే యంత్రం ప్రోటియాసోమ్. 2003లో అమెరికాలో అనుమతి పొందిన బోర్టెజొమిబ్ ఆ యంత్రాన్ని ఆపుతుంది. చెత్తలో కూరుకుపోయి కణం చస్తుంది. దానికి లెనలిడొమైడ్, డెక్సామెథాసోన్ లాంటివి, తగినవారికి సొంత మూలకణాల మార్పిడి తోడవుతాయి. ఎముక తినే కణాలను ఆపడానికి జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ ఇస్తారు. అది మొదలుపెట్టే ముందు పళ్లు చూపించుకోవాలి, దవడ ఎముక దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి. పూర్తిగా నయమవుతుందని చాలామందికి చెప్పలేని జబ్బే ఇది. అయినా ఏళ్ల తరబడి అదుపులో ఉంచవచ్చు. తేలిక గొలుసుల వరద ఎంత త్వరగా తగ్గిస్తే కిడ్నీలు కోలుకునే అవకాశం అంత ఎక్కువ. వైద్యం వారాలు ఆలస్యమైతే డయాలసిస్ శాశ్వతమైపోవచ్చు.

కాబట్టి మీ ఇంట్లో 50 దాటిన వాళ్లకి నెలన్నర దాటినా తగ్గని వెన్ను లేదా పక్కటెముకల నొప్పి ఉండి, దానితోపాటు నెత్తురు తగ్గడమో, క్రియాటినిన్ పెరగడమో, మాటిమాటికీ న్యుమోనియా రావడమో కనిపిస్తే మాత్రలు ఆపించండి. సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, సీరం ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు అవసరమా అని డాక్టర్ని పేరు పెట్టి అడగండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.