అడుగున ప్లేటు వేస్తే అక్షం ఎందుకు జరుగుతుంది?

రైలు మార్గం వాగును దాటే చోట వంతెన కిందికి వెళ్లి చూస్తే, చాలాచోట్ల పట్టాలను మోస్తున్న రెండు ఎత్తైన ఉక్కు గర్డర్లు కనిపిస్తాయి. అడ్డంగా కోసి చూస్తే వాటి ఆకారం ఇంగ్లిష్ ‘ఐ’ అక్షరంలా ఉంటుంది. నిలువుగా ఉన్న ప్లేటును వెబ్ అని, పైనా కిందా అడ్డంగా ఉన్న ప్లేట్లను ఫ్లాంజ్‌లు అని అంటారు. రోలింగ్ మిల్లులో ఒకే ముక్కగా తయారయ్యే దూలాల్లో మనకు బాగా తెలిసిన ఐ.ఎస్.ఎం.బి. వరుస 600 మి.మీ. ఎత్తు దగ్గర ఆగిపోతుంది. భారతీయ రైల్వేలో ప్లేట్ గర్డర్లు 12.2, 18.3, 24.4 మీటర్ల స్పాన్‌లకు వాడుకలో ఉన్నాయి. అంత దూరానికి ఇంకా ఎత్తైన గర్డరు కావాలి కాబట్టి మూడు ప్లేట్లను కలిపి వెల్డ్ చేస్తారు. పాత వంతెనల్లో ఇదే పని యాంగిళ్లతో, రివెట్లతో జరిగింది.

ఇలా కూర్చిన గర్డరు ఎంత బరువుకు ఎంత వంగుతుందో తేల్చడానికి, దాని పొడవూ ఉక్కు గుణమూ తెలిసినా ఇంకొక సంఖ్య కావాలి. అది అడ్డుకోత వైశాల్యపు రెండో భ్రామకం. ఇంజనీర్లు దీన్ని ఐ అని రాస్తారు. గర్డరు వంగినప్పుడు పై భాగం నొక్కుకుపోతుంది, కింది భాగం సాగుతుంది, నడుమ ఒక గీత దగ్గర రెండూ ఉండవు. ఆ గీతే తటస్థ అక్షం. అడ్డుకోతలోని ప్రతి చిన్న వైశాల్యాన్నీ ఆ అక్షం నుంచి దాని దూరపు వర్గంతో గుణించి, అన్నిటినీ కూడితే ఐ వస్తుంది. అందువల్ల దూరం రెట్టింపయితే ఆ ముక్క వాటా నాలుగింతలవుతుంది.

ఒక దీర్ఘచతురస్రానికి దాని సొంత మధ్యగీత చుట్టూ ఐ కనుక్కోవడం తేలిక: వెడల్పును ఎత్తు ఘనంతో గుణించి 12తో భాగిస్తే చాలు. అయితే ఫ్లాంజ్ మధ్యగీత గర్డరు మధ్యగీత కాదు, దానికి చాలా పైన ఉంటుంది. ఈ రెంటినీ కలిపేది సమాంతర అక్షాల సిద్ధాంతం. దీని మూలాలు 1673లో లోలకాల మీద క్రిస్టియాన్ హైగెన్స్ ప్రచురించిన గ్రంథంలో ఉన్నాయి. తర్వాతి కాలంలో స్విస్ గణితవేత్త యాకోబ్ స్టైనర్ పేరు కూడా దీనికి చేరింది. సిద్ధాంతం ఒక్క వరుసలో పడుతుంది:

I = I₀ + A d²

ఇక్కడ I₀ అంటే ముక్కకు తన సొంత గురుత్వ కేంద్రం గుండా పోయే అక్షం చుట్టూ ఉన్న భ్రామకం, A దాని వైశాల్యం, d ఆ అక్షానికీ మనకు కావలసిన అక్షానికీ మధ్య దూరం.

ఒక గర్డరును లెక్క కట్టి చూద్దాం. ఫ్లాంజ్‌లు ఒక్కొక్కటి 300 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. మందం. వెబ్ 960 మి.మీ. ఎత్తు, 10 మి.మీ. మందం. మొత్తం ఎత్తు సరిగ్గా ఒక మీటరు. కొలతలన్నీ సెంటీమీటర్లలోకి మార్చుకుంటే సున్నాలు తగ్గుతాయి.

వెబ్ మధ్యగీతా గర్డరు మధ్యగీతా ఒకటే కాబట్టి దూరపు లెక్క లేదు. 1 × 96³ ÷ 12, అంటే 73,728. ఒక్కో ఫ్లాంజ్‌కు సొంత భ్రామకం 30 × 2³ ÷ 12, కేవలం 20. దాని వైశాల్యం 60 చదరపు సెం.మీ., దాని మధ్య నుంచి గర్డరు మధ్యకు 49 సెం.మీ. కాబట్టి A d² విలువ 60 × 49², అంటే 1,44,060. రెండు ఫ్లాంజ్‌లూ కలిసి 2,88,160 ఇస్తాయి. వెబ్‌ను కలిపితే మొత్తం 3,61,888.

ఇందులో ఫ్లాంజ్‌ల వాటా దాదాపు 80 శాతం. అందులోనూ వాటి సొంత భ్రామకం రెంటికీ కలిపి 40 మాత్రమే, మిగిలినదంతా దూరం వల్ల వచ్చింది. ఇదే ఉక్కును, అంటే 216 చదరపు సెం.మీ.ను, చదరపు కడ్డీగా పోతపోస్తే దాని ఐ విలువ 3,888. ఉక్కు బరువు మారకుండానే గర్డరు ఆకారం 93 రెట్ల బిగువును ఇస్తోంది.

లెక్క సరిపోయిందో లేదో ఇంకో దారిలో చూడవచ్చు. 30 × 100 సెం.మీ. నిండు దీర్ఘచతురస్రం విలువ 25,00,000. వెబ్‌కు రెండు పక్కలా ఉన్న ఖాళీలు కలిపి 29 × 96 సెం.మీ., దాని విలువ 21,38,112. తీసేస్తే మళ్లీ 3,61,888 వస్తుంది. రెండు దారులూ ఒకే చోటికి చేరకపోతే ఏదో ఒక దూరాన్ని తప్పుగా కొలిచినట్టే.

చిక్కు మొదలయ్యేది గర్డరును బలపరిచేటప్పుడు. వంతెన మీద పై ఫ్లాంజ్‌ను స్లీపర్లు ఆక్రమించి ఉంటాయి, అక్కడ కొత్త ప్లేటు వేయడం కష్టం. అందుకని అడుగున మాత్రమే 300 × 20 మి.మీ. కవర్ ప్లేటు వెల్డ్ చేశారనుకుందాం. పాత మధ్యగీత నుంచి దాని దూరం 51 సెం.మీ. తొందరలో చాలామంది 60 × 51²ను, ప్లేటు సొంత 20ని పాత విలువకు కలిపి 5,17,968 అని రాసేస్తారు. అది తప్పు. అడుగున బరువు పెరిగింది కాబట్టి గురుత్వ కేంద్రమూ, దానితో తటస్థ అక్షమూ కిందికి దిగుతాయి. ఎంతంటే, 60 × 51 ÷ 276, దాదాపు 11.09 సెం.మీ.

ఇప్పుడు పాత గర్డరే కొత్త అక్షానికి 11.09 సెం.మీ. దూరంలో ఉంది, కొత్త ప్లేటు 39.91 సెం.మీ. దూరంలో ఉంది. రెంటికీ సిద్ధాంతాన్ని మళ్లీ వర్తింపజేస్తే మొత్తం సుమారు 4,84,000. తప్పు లెక్క 7 శాతం ఎక్కువ చూపించింది. ఈ తప్పు ఎప్పుడూ ఎక్కువ వైపే పోతుంది, ఎందుకంటే ఏ ఆకారానికైనా తన గురుత్వ కేంద్రం గుండా పోయే అక్షం చుట్టూనే భ్రామకం అతి తక్కువ. అంటే లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది.

అసలు విషయం ఇంకా ఉంది. ఐ 34 శాతం పెరిగింది కదా, పై ఫ్లాంజ్ మీద ఒత్తిడీ ఆ మేరకు తగ్గుతుందా? తగ్గదు. ఒత్తిడి ఐ మీదే కాక, అక్షం నుంచి పై అంచు దూరం మీదా ఆధారపడుతుంది. అక్షం దిగినందువల్ల ఆ దూరం 50 నుంచి 61.09 సెం.మీ.కు పెరిగింది. దూరంతో భాగించి చూస్తే పై అంచుకు దక్కిన బలం 9 శాతం చిల్లర మాత్రమే, కింది అంచుకు 63 శాతం. అదే ఉక్కును 10 మి.మీ. ప్లేట్లుగా చేసి పైనా కిందా చెరొకటి వేయగలిగితే రెండు అంచులకూ 39 శాతానికి పైగా బలం వచ్చేది.

ఈ లెక్కంతా ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారకుండా ఒకే దేహంగా వంగుతాయన్న షరతు మీద నిలబడింది. ఆ జారుడును ఆపేది వెల్డ్, పాత గర్డర్లలో రివెట్లు. రివెట్లు వదులైతే A d² భాగం కరిగిపోవడం మొదలవుతుంది. తలల చుట్టూ రంగు పగిలి తుప్పు కారుతుంటే, సుత్తితో తట్టినప్పుడు తల కదిలితే, రివెట్ వదులైందని తనిఖీదారులు అనుమానిస్తారు. ఇక పలచని వెబ్ పక్కకు ఉబ్బుతుందా అన్నది ఐ చెప్పదు. మన గర్డరులో వెబ్ ఎత్తు మందానికి 96 రెట్లుంది కాబట్టి దానికి విడిగా పరీక్ష చేయాలి, అవసరమైతే నిలువు స్టిఫెనర్లు వెల్డ్ చేయాలి.

కొత్త ప్లేటు విషయంలో మరొక జాగ్రత్త ఉంది. వెల్డ్ చేసే సమయానికి గర్డరు తన బరువునూ పట్టాల బరువునూ మోస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడి పాత అడ్డుకోతలోనే మిగిలిపోతుంది, కొత్త ప్లేటు తర్వాత వచ్చే బరువులోనే వాటా తీసుకుంటుంది. జాకీలతో ముందుగా గర్డరును ఎత్తిపెట్టకపోతే, అప్పటికే ఉన్న బరువుకు 3,61,888నూ, ఆ తర్వాత దాని మీదుగా వెళ్లే రైలుకు 4,84,000నూ వాడి, రెండు ఒత్తిళ్లనూ విడివిడిగా కట్టి కూడాలి.