బదిలీ వచ్చింది, ఇల్లు ఎలా అప్పగించాలి?

ఏప్రిల్ నెలాఖరులో మా మేనల్లుడు ఫోన్ చేశాడు. హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం. కడపకు బదిలీ ఆర్డరు వచ్చిందట, మే 12న అక్కడ చేరాలి. "అగ్రిమెంటు ఎలాగూ మే 31తో అయిపోతోంది మామయ్యా. రెన్యువల్ వద్దని మాస్టారికి చెప్పేశాను. ఇక సామాను కట్టుకోవడమే" అన్నాడు. మరి అడ్వాన్సు సంగతేమిటంటే, "ఇస్తార్లే, మంచివారు" అన్నాడు.

ఇంటి యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. నిజంగానే మంచివారు. అయితే అద్దె ఇంటి దగ్గర మంచివాళ్ల మధ్య కూడా చివరి రోజున మాట తేడా వస్తుంది. సామాను లారీ కింద నిలబడి ఉంటుంది, పిల్లలు ఆకలంటూ ఉంటారు, యజమాని గోడ మీద మరక చూపిస్తూ ఉంటాడు. లెక్క తేల్చుకోవడానికి అంతకంటే చెడ్డ సమయం లేదు. అందుకే "మేం ఖాళీ చేస్తున్నాం" అని చెప్పే రోజునే "అప్పగింత ఎలా పెట్టుకుందాం?" అని కూడా అడగాలి. మావాడు మొదటిది చెప్పి రెండోది వదిలేశాడు.

ముందు అగ్రిమెంటు తీయమన్నాను. మన దగ్గర ఇళ్ల అగ్రిమెంట్లు చాలావరకు 11 నెలలకే రాస్తారు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకునే ఏర్పాటిది. మావాడిది రెండో విడత: 2024 జులై 1 నుంచి 2025 మే 31 దాకా. అద్దె 18,000, అడ్వాన్సు రెండు నెలల అద్దె, అంటే 36,000.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. గడువు మధ్యలో బదిలీ వస్తే కథ వేరు. బదిలీ అయినంత మాత్రాన అగ్రిమెంటు దానంతటదే రద్దు కాదు. లాక్-ఇన్ షరతు ఉంటే, బదిలీకి మినహాయింపు రాసుకోకపోతే, మిగిలిన నెలల అద్దె అడిగే వీలు యజమానికి ఉంటుంది. మావాడిది గడువు తీరిపోవడం. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం గడువు పూర్తయితే లీజు దానంతటదే ముగుస్తుంది, చట్టం వరకు వేరే నోటీసు అక్కర్లేదు. కానీ అగ్రిమెంటులో "ఖాళీ చేయడానికి ఒక నెల ముందు తెలియజేయాలి" అన్న వాక్యం ఉంది. పార్టీలు రాసుకున్న మాట ఉన్నప్పుడు దాన్నే పాటించాలి. మే 31కి నెల ముందంటే ఏప్రిల్ 30 లోపు. ఫోన్లో చెప్పిన మాట రేపు ఎవరికీ గుర్తుండదు.

ఏప్రిల్ 25న వాడిచేత ఒక చిన్న ఉత్తరం రాయించాను. వాట్సాప్‌లో పంపి, కాగితం మీద సంతకం చేసి మాస్టారి చేతికిచ్చాడు. ఇదీ ఆ ఉత్తరం:

"మాస్టారికి నమస్కారం. నాకు కడపకు బదిలీ అయింది. అందువల్ల మే 31తో ముగిసే అగ్రిమెంటును కొనసాగించలేకపోతున్నాను. మే నెల అద్దె ఎప్పటిలాగే 5వ తేదీలోపు పంపుతాను. మే 28 ఉదయం ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగిస్తాం. నేను 10వ తేదీ తర్వాత ఊళ్లో ఉండను. నా తరఫున నా భార్య తాళాలు ఇచ్చి, లెక్క చూసుకుంటుంది. అంతకంటే ముందు, 10వ తేదీలోపు మీకు వీలైన రోజున ఒకసారి వచ్చి ఇల్లు చూడండి. అడ్వాన్సులో ఏమేం తగ్గించాలనుకుంటున్నారో అప్పుడే చెబితే మాట్లాడుకుందాం. మిగతా మొత్తం తాళాలు ఇచ్చిన రోజునే నా ఖాతాకు పంపగలరా? కొత్తవాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తే సాయంత్రం 5 నుంచి 7 మధ్య, ముందుగా ఫోన్ చేసి రమ్మనండి."

ఇందులో బతిమాలడం లేదు, బెదిరింపూ లేదు. ఉన్నవి తేదీలు, ప్రశ్నలు. భార్య పేరు మీద అధికారం రాయించడానికి కారణం ఉంది. బదిలీ కుటుంబాల్లో సంతకం పెట్టినవాడు ముందే వెళ్లిపోతాడు, తాళం ఇచ్చేది ఇంకొకరు. "మీ ఆయన వస్తే మాట్లాడతాను" అని యజమాని అంటే ఆవిడ ఏం చేయగలదు?

మాస్టారు మే 9న వచ్చారు. సామాను ఇంట్లో ఉండగానే చూడటం వల్ల ఒక ఇబ్బంది ఉంది: బీరువా వెనక గోడ కనపడదు. అయినా ముందే చూడటం మేలు, ఎందుకంటే బాగు చేయించుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. చేరిన కొత్తలో, 2023 ఆగస్టులో, మావాడి భార్య ఫోన్‌లో తీసిన ఫొటోలు పద్దెనిమిది ఉన్నాయి. ఆ రోజు అవి లేకపోతే మాకు నోరు లేదు.

హాలు గోడకు మేకుల చిల్లులు, వంటింట్లో పొయ్యి పైన జిడ్డు, బాల్కనీ దోమతెర చిరుగు, బాత్‌రూములో కారే కుళాయి. మాస్టారు నాలుగూ రాసుకున్నారు. వాటిని ఒక గాటన కట్టకూడదు. ఇల్లు అందుకున్నంత మంచి స్థితిలో తిరిగివ్వాలని ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ చెబుతుంది, వాడుకలో సహజంగా అయ్యే అరుగుదలను మినహాయించి. కుళాయి వాషర్ అరిగిపోవడం, రంగు వెలిసిపోవడం ఆ సహజ అరుగుదలే. దోమతెర పిల్లాడి బ్యాటు తగిలి చిరిగింది, అది మనదే. చిల్లులు, జిడ్డు మధ్యరకం: పుట్టీ పెట్టి, సబ్బు నీళ్లతో కడిగి పోగొట్టారు. రెండు వందల రూపాయల పని. చివరి రోజున అదే "గోడలన్నీ పాడు చేశారు" అయ్యుండేది.

అసలు పేచీ పెయింటింగ్ దగ్గర వచ్చింది. అగ్రిమెంటులో "ఖాళీ చేయునపుడు పెయింటింగ్ ఖర్చు అద్దెదారుడు భరించవలెను" అని ఉంది. ఎంతో లేదు. హైదరాబాదులో ఒక నెల అద్దె పట్టుకోవడం అలవాటుగా సాగుతోంది, చట్టంలో అయితే అలాంటి అంకె ఏదీ లేదు. మాస్టారు తన పెయింటరు చెప్పిన 16,000 అన్నారు. షరతు మీద సంతకం పెట్టాక అసలే ఇవ్వమనడం న్యాయం కాదు. కానీ మేం చేరినప్పుడు కొత్త రంగు లేదని ఫొటోల్లో కనిపిస్తోంది, పైగా 22 నెలలు ఉన్నాక ఎవరున్నా రంగు కొంత పోతుంది. ఆ మాటే చెప్పాం. లెక్కల మాస్టారు కదా, ఫొటోలు చూసి కాసేపు ఆలోచించి 10,000 దగ్గర ఆగారు. నన్నడిగితే అదీ కొంచెం ఎక్కువే. కానీ అంకె ఆ రోజే తేలడం ముఖ్యం.

ఇంకో సంగతి గీజరు. అది మావాడు కొనిపెట్టుకున్నది. అద్దెదారు తాను బిగించుకున్న వస్తువును ఇల్లు తన చేతిలో ఉన్నంతవరకే విప్పుకోవాలి, విప్పాక ఆ చోటును మునుపటిలా చేసి ఇవ్వాలి. తాళం ఇచ్చేశాక "నా గీజరు" అంటే కుదరదు. మే 20న ప్లంబరును పిలిచి విప్పించి, పైపులకు మూతలు బిగించారు. సిలిండర్లు, రెగ్యులేటరు గ్యాస్ ఏజెన్సీలో అప్పగించి కాగితాలు తీసుకున్నారు, కొత్త ఊళ్లో కనెక్షన్‌కు అవే ఆధారం.

మధ్యలో మావాడికి ఒక ఆలోచన వచ్చింది. "మే అద్దె కట్టకుండా అడ్వాన్సులో పట్టుకోమంటే?" చాలామంది చేసే పనే ఇది, డబ్బు తిరిగి రాదన్న భయంతో. యజమాని రాతలో ఒప్పుకుంటే తప్పు లేదు. ఒప్పుకోకుండా చేస్తే మాట తప్పినవాళ్లం మనమే అవుతాం, తర్వాత రావాల్సిన దాని గురించి గట్టిగా అడగలేం. మాస్టారిని అడిగాడు, ఆయన వద్దన్నారు. 5వ తేదీన అద్దె పంపాడు.

ఇక కరెంటు. మీటరు రీడింగు మే 9న తీశారు, ఆ బిల్లు కట్టేశారు. 9 నుంచి 28 దాకా వాడిన కరెంటుకు బిల్లు జూన్‌లో గానీ రాదు, అప్పటికి వీళ్లు కడపలో ఉంటారు. ఇలాంటప్పుడు యజమాని "బిల్లు వచ్చాక చూసి పంపుతాను" అని మొత్తం అడ్వాన్సు ఆపేస్తాడు. ఆపాల్సిన పని లేదు. 9న రీడింగు 14,212. తాళం ఇచ్చే రోజు ఉదయం మీటరు ఫొటో తీస్తే 14,333. తేడా 121 యూనిట్లు. పాత బిల్లును యూనిట్లతో భాగిస్తే అన్ని చార్జీలు కలుపుకుని యూనిట్‌కు ఐదు రూపాయల లోపే పడుతోంది. ఐదే అనుకుంటే 605. శ్లాబు మారితే కొంత తేడా రావచ్చు, దానికోసం ముప్పై వేలు ఆపక్కర్లేదు.

మే 28 ఉదయం లెక్క ఇలా తేలింది. అడ్వాన్సు 36,000. పెయింటింగ్ 10,000, దోమతెర 800, కరెంటు 605, మొత్తం 11,405 పోను రావాల్సింది 24,595. అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ మే నెలది ముందే కట్టిన రసీదు చూపించారు. ఖాళీ గదులన్నీ ఒక్క వీడియోలో తీశారు, కుళాయిలు తిప్పి, లైట్లు వేసి చూపిస్తూ. మాస్టారు ఫోన్‌లో డబ్బు పంపారు, కడపలో మావాడికి మెసేజ్ వచ్చింది, ఆ తర్వాత తాళాలు చేతులు మారాయి. అగ్రిమెంటు వెనక "28-5-2025న ఇల్లు ఖాళీగా స్వాధీనమైనది, తాళాలు మూడు అందినవి, ఇరువైపులా బాకీ లేదు" అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టారు. అప్పటిదాకా ఇచ్చిన అద్దెలకు రసీదులు కూడా అప్పుడే తీసుకోమన్నాను. ఆదాయపు పన్నులో హెచ్‌ఆర్‌ఏ చూపించుకోవడానికి ఊరు మారాక మళ్లీ అడగడం కష్టం.

తాళం వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లిపోవడం మాత్రం వద్దు. తాళం మీ చేతిలో ఉన్నా, అది ఎవరికి చేరిందో రుజువు లేకపోయినా, ఇల్లు మీ స్వాధీనంలోనే ఉందనీ అద్దె నడుస్తోందనీ యజమాని అనొచ్చు. ఆయన తాళం తీసుకోకుండా రోజులు జరిపితే, ఫలానా తేదీన అప్పగించడానికి వచ్చామని వీడియోతో పాటు మెసేజ్ పెట్టండి, స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. గడువు దాటి నాలుగు రోజులు ఉండాల్సి వస్తే రోజుకింతని రాసుకోండి. ఏ మాటా లేకుండా ఉండిపోయి, యజమాని జూన్ అద్దె తీసుకుంటే, అది నెలవారీ అద్దెగా మారిపోతుంది. అప్పుడు వేరే ఒప్పందం లేకపోతే ఖాళీ చేయడానికి మళ్లీ 15 రోజుల నోటీసు కావాలి.

"కొత్తవాళ్లు దిగాక ఇస్తాను" అనే యజమానులూ ఉంటారు. అగ్రిమెంటులో అలా రాసి లేకపోతే ఆ షరతుకు బలం లేదు. మూడేళ్లలోపు కోర్టులో దావా వేయొచ్చు, ముందు లాయరు నోటీసు ఇవ్వొచ్చు. కానీ ఇరవై పాతిక వేల కోసం కడప నుంచి హైదరాబాదు కోర్టుకు తిరిగేవాళ్లు ఎందరు? యజమానులకూ ఆ సంగతి తెలుసు.

మీరు అద్దె ఇంట్లో ఉంటే, బదిలీ ఊసు లేకపోయినా, ఈ రాత్రి బీరువాలోంచి అగ్రిమెంటు తీసి "పెయింటింగ్" అన్న మాట పక్కన అంకె ఉందో లేదో చూడండి. లేకపోతే వచ్చే రెన్యువల్‌లో రాయించుకోండి.