ఒక రాత్రి పగిలిన పైపు, రెండేళ్లు ఊరిన గోడ

మా అక్కది మాకవరపాలెం. నర్సీపట్నం వెళ్లే బస్సు దిగి నాలుగడుగులు వేస్తే వాళ్లిల్లు. బావగారు పోయి ఆరేళ్లయింది. ఆయన బ్యాంకు అప్పు చేసి కట్టించిన ఇల్లు కాబట్టి బీమా కూడా అప్పుతోపాటే వచ్చింది. ఏటా ప్రీమియం కట్టడమే తప్ప ఆ కాగితాల్లో ఏముందో అక్కెప్పుడూ చూడలేదు. చూడమని నేనూ చెప్పలేదు. పాతికేళ్లు విశాఖలో ఒక బీమా ఆఫీసులో క్లెయిముల సీటులో కూర్చుని, ఊళ్లోవాళ్లందరి ఫైళ్లూ చూసి, సొంత అక్క పాలసీ చూడని దాన్ని నేను!

2023 ఆగస్టులో ఓ తెల్లవారుజామున అక్క ఫోను. "చెల్లీ, ఇల్లంతా నీళ్లే. పైపు పేలిపోనాది" అంటూ ఒకటే ఏడుపు.

జరిగింది ఇదీ. రాత్రి తొమ్మిదింటికి మోటారు వేసి మేడమీద వెయ్యి లీటర్ల ట్యాంకు నింపి పడుకున్నారు. మూడు గంటలప్పుడు హాల్లో పెద్ద చప్పుడైంది. ట్యాంకు నుంచి గోడలోపలగా వాష్‌బేసిన్‌కి దిగే జి.ఐ. పైపు, ఎల్బో దగ్గర విరిగిపోయింది. పైకెళ్లి గేటువాల్వు కట్టేద్దామంటే తుప్పు పట్టి తిరగలేదట. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నీళ్లు ధారగా పడుతూనే ఉన్నాయి. హాల్లో మూడువేళ్ల ఎత్తున నీళ్లు నిలిచాయి. ప్లైవుడ్ బీరువా అడుగు ఉబ్బిపోయింది. పరుపు నానిపోయింది. టీవీ, ఇన్వర్టర్ పోయాయి. బీరువా కింది అరలోని పట్టుచీరలకి రంగులు ఒకదానివి ఒకదానికి అంటుకున్నాయి. అందులో అక్క పెళ్లిచీర కూడా ఉంది.

ఇదొక సంగతి. ఇంకోటి ఉంది. వెనకగదికీ బాత్‌రూముకీ మధ్య గోడ రెండేళ్లుగా నెమ్మెక్కుతోంది. బాత్‌రూము నేలలో నీళ్లు పోయే జాలీ కింద అతుకు వదులైంది. మొదట రంగు పొక్కులు లేచింది. తర్వాత తెల్లగా ఉప్పులాంటి పొర వచ్చింది. ఆ పైన ప్లాస్టరింగు చేత్తో రాలితే రాలిపోయేంతగా అయింది. గుమ్మం అడుగుభాగం కుళ్లి చెదలు కూడా చేరాయి. తాపీమేస్త్రి ఎప్పుడు పిలిచినా "వచ్చేవారం అమ్మా" అనడమే. అక్క కూడా దసరాకి చూద్దాం, సంక్రాంతికి చూద్దాం అనుకుంటూ వచ్చింది. ఇలాంటి గోడ లేని ఇల్లు మన ఊళ్లలో ఎన్నున్నాయో చెప్పండి!

మా అక్క కొడుకు క్లెయిము ఫారం నింపాడు. చదువుకున్న కుర్రాడే. నష్టం ఎలా జరిగిందన్న చోట ఇలా రాశాడు: "రెండేళ్లుగా నీరు కారి గోడలు పాడయినవి, ఇప్పుడు పైపు పగిలి సామాను పాడయినది." రెండూ కలిపి 1,58,000 రూపాయలు అడిగాడు. సర్వేయరు వచ్చి చూసి వెళ్లాడు. కొద్దిరోజులకి ఉత్తరం వచ్చింది. చాలాకాలంగా ఊరుతున్న చెమ్మ వల్ల, మరమ్మతు చేయించకపోవడం వల్ల కలిగిన నష్టం కాబట్టి ఏమీ చెల్లించలేమని అందులో ఉంది.

ఆ ఉత్తరం పట్టుకుని అక్క విశాఖ వచ్చింది. అప్పుడు మొదటిసారి ఆ పాలసీ విప్పి చూశాను. అది 'భారత్ గృహ రక్ష'. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ తప్పనిసరిగా అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తెచ్చిన ప్రామాణిక పాలసీ. ఏ కంపెనీ దగ్గర కొన్నా అసలు మాటలు ఒకటే. అందులో ఏయే ప్రమాదాలకి డబ్బిస్తారో పేరుపేరునా రాసి ఉంటుంది. నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, ఇలా. ఆ వరుసలోనే 'నీటి ట్యాంకులు, పరికరాలు, పైపులు పగలడం లేదా పొంగిపొర్లడం' అని ఒకటుంది. 'చెమ్మ', 'ఊట' అన్న మాటలు ఆ జాబితాలో ఎక్కడా లేవు. పేరున్న ప్రమాదం జరిగితేనే డబ్బు. పేరు లేకపోతే, మనకెంత నష్టమైనా సరే, లేదు.

ఎందుకలా అంటే, పైపు పగలడం ఒక సంఘటన. దానికి తేదీ ఉంది, గంట ఉంది. నిన్న రాత్రి బాగుంది, ఇవాళ లేదు. ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టే దానికి బీమా. గోడ ఊరడానికి తేదీ లేదు. అది కళ్లముందే రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది, ఆపకపోతే తప్పకుండా పెరుగుతుంది. దాన్ని కంపెనీలు ఇంటిఖర్చు కింద, అంటే వెల్ల వేయించుకోవడంలాగా, ఇంటివాళ్ల పని కింద లెక్కేస్తాయి. ఇల్లు సరిగా చూసుకోవాలన్న షరతు కూడా పాలసీలో ఉంది. ఇది మన దేశంలోనే కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు గడ్డకట్టి వేల ఇళ్లల్లో పైపులు పగిలినప్పుడు డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురింట్లోనూ పగిలింది, డబ్బు వచ్చింది. అక్కడి కొన్ని పాలసీల్లో అయితే పద్నాలుగు రోజులో అంతకన్నా ఎక్కువో ఊరిన నీటికి ఇవ్వమని రోజులు లెక్కపెట్టి మరీ రాస్తారట.

కాబట్టి వెనకగది గోడకి ఇవ్వననడం న్యాయమే. నేను ఆ సీట్లో కూర్చున్నా ఇవ్వను. అక్కతో ఆ మాటే అంటే ముఖం చిన్నబుచ్చుకుంది. కానీ హాలు సంగతి వేరు. కంపెనీవాళ్లు మావాడు రాసిన ఒక్క వాక్యం పట్టుకుని రెండిటినీ ఒకే గాటన కట్టేశారు.

రెండిటికీ తేడా తెలియడం కష్టమేం కాదు. సర్వేయర్లు చూసేది గోడ మీది గుర్తులే. ఒక్కసారిగా వచ్చిన నీళ్లయితే నేలనుంచి ఒకే ఎత్తున, గదంతా ఒకే గీత ఉంటుంది. చెక్క ఉబ్బుతుందే కానీ కుళ్లదు. ప్లాస్టరింగు తడిగా ఉన్నా గట్టిగానే ఉంటుంది. ఏళ్ల తరబడి ఊరినదైతే మరకలు ఒకదానిచుట్టూ ఒకటి వలయాల్లా ఉంటాయి. ప్రతి తడికీ ఆరుదలకీ ఒక వలయం. ఉప్పుపొర, బూజు, కుళ్లిన చెక్క, చెదలు - ఇవన్నీ కాలం పట్టేవి. ఒక్క రాత్రిలో రావు. మా అక్కింట్లో హాల్లో మొదటి రకం, వెనకగదిలో రెండో రకం. మధ్యలో వంటిల్లుంది, దానికి ఏమీ కాలేదు. ఇంతకన్నా స్పష్టంగా ఉండదు.

అక్క తెలివైన పని ఒకటి చేసింది. విరిగిన ఎల్బోని పారెయ్యకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకమీద పెట్టింది. ఆ తెల్లవారుజామున కోడలు సెల్‌ఫోన్లో తీసిన ఫొటోలూ ఉన్నాయి. నీళ్లు నిలిచి ఉండగానే తీసినవి, తేదీ, సమయంతో సహా. కొత్త పైపు వేసిన ప్లంబరు చేత ఏ పైపు, ఎక్కడ, ఎలా విరిగిందో రాయించి సంతకం పెట్టించాం. మొదట ఇచ్చిన బిల్లులో అతను ఊరికే 'లీకేజి రిపేరు' అని రాశాడు! అతనికి అన్నీ లీకేజీలే. కానీ ఆ మాట ఫైల్లో ఎంత పని చేస్తుందో నాకు తెలుసు.

తర్వాత కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఉత్తరం రాశాం. వెనకగదికి అడిగిన 64,000 మేమే వదులుకున్నాం. ఆ గోడ పాతదని దాచకుండా రాశాం. దాస్తే మిగతాది కూడా నమ్మరు, పైగా అబద్ధం రాస్తే పాలసీయే పోతుంది. హాలు సంగతి మాత్రం విడిగా, తేదీతో, గంటతో రాశాం. గోడకీ వైరింగుకీ 38,000, సామానుకి 56,000. ఇక్కడ ఇంకో సంగతి. బ్యాంకువాళ్లు అక్కతో ఇది ఇంటికే, సామానుకి కాదు అన్నారట. కానీ ఈ పాలసీలో, మనం వద్దంటే తప్ప, ఇంటి మొత్తంలో 20 శాతం, పది లక్షలకి మించకుండా, సామానుకి దానంతటదే వస్తుంది. అక్క ఇంటికి 18 లక్షలు కాబట్టి సామానుకి 3,60,000 ఉన్నట్టే. బట్టలూ సామానులోకే వస్తాయి. అంటే చీరలు కూడా. నగలు, వెండి మాత్రం వేరే.

కంపెనీవాళ్లు ఒక పట్టు పట్టారు. ఎల్బో లోపల తుప్పు ఉంది కాబట్టి ఇదీ పాతబడి పోయిందే కదా అన్నారు. నిజమే, తుప్పుంది. మా జవాబు ఒకటే: తుప్పు పట్టిన పైపు ఖరీదు మేం అడగడం లేదు, అది పగిలినందువల్ల తడిసినవాటికే అడుగుతున్నాం. పాలసీలో 'పైపులు పగలడం' అని ఉందే కానీ 'కొత్త పైపులు పగలడం' అని లేదు. ఆ జవాబు పనిచేసింది. కొత్త పైపు, గేటువాల్వులకైన 3,500, రసీదుగానీ ఫొటోగానీ లేని రెండు వస్తువులకి 2,000 తీసేసి 88,500 ఇచ్చారు. ఇవ్వకపోతే, లేదా నెలరోజుల్లో జవాబే రాకపోతే, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాసేవాళ్లం. ఏపీకీ ఆ ఆఫీసే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు రాయాలి, అంతే.

ఈ రెండిటి మధ్యనా ఒక చిక్కురకం ఉంది. గోడలోపల పైపుకి సూదిబెజ్జం పడి, బయటికి కనబడకుండా నెలలతరబడి కారుతుంది. మనకి తెలియదు, మన తప్పూ లేదు. అయినా అది 'పగలడం' అని ఒప్పించడం చాలా కష్టం. నా ఉద్యోగంలో అలాంటి ఫైళ్లు గెలిచినవాళ్లు తక్కువ. దాన్ని ముందే పట్టుకోవడానికి మా ఆఫీసు ప్లంబరొకాయన చెప్పిన ఉపాయం ఇది. రాత్రి ట్యాంకు నింపి, మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకు లోపల నీళ్లెక్కడున్నాయో సుద్దముక్కతో గీత పెట్టాలి. తెల్లారి ఎవరూ కుళాయి తిప్పకముందే చూడాలి. నీళ్లు గీత దిగితే ఎక్కడో కారుతున్నట్టే.

అక్క ఇప్పుడు నెలకోసారి ఆ గీత పెడుతోంది. గేటువాల్వుని కూడా తిప్పి చూస్తోంది, బిగుసుకుపోకుండా. వచ్చిన డబ్బులో హాలు బాగుచేయించింది, బీరువా కొంది. వెనకగది గోడకి మాత్రం చీటీ పాడి, ఆ సంక్రాంతికే మేస్త్రిని పట్టుకుంది. బాత్‌రూము నేల తవ్వితే అతుకు దగ్గర పిడికిలి పట్టేంత సందుందట. "రెండేళ్ల కిందట రెండువేలతో పోయేదే చెల్లీ" అంది ఫోన్లో. పెళ్లిచీరకి డబ్బయితే వచ్చింది కానీ ఆ చీర ఇంకా పారెయ్యలేదు. రంగంటిన పక్క లోపలికి మడిచి పెట్టుకుంది.