గొంతు మారితే మాట మారుతుందా?

లాల్‌దర్వాజా బోనాల్లో "ఘటం వచ్చింది" అని గొంతు దించి అంటే కబురు. చివర గొంతు లేపితే ప్రశ్న. కానీ "వచ్చింది" అన్న మాటకు అర్థం మారలేదు. మన తెలుగు అంతే.

పంజాబీ అట్ల కాదు. లాల్‌దర్వాజాలో ఉర్దూ మాట్లాడేవాళ్లు గుర్రాన్ని "ఘోడా" అంటారు. పంజాబీలో ఆ "ఘ" పలుకు "క" అయింది. పోయిన ఒత్తుకు బదులు గొంతు కిందికి దిగుతుంది. అందుకే "కోడా" అని మామూలుగా అంటే కొరడా, గొంతు దించితే గుర్రం, లేపితే కుష్ఠురోగి! ఇట్లాంటివాటిని టోన్ భాషలు అంటారు.

మీ ఇంటి భాష ఏ రకమో తెలియాలంటే ఒక్క మాటనే దించి, లేపి పలకండి. మా గోండిలో "ఏర్" అంటే నీళ్లు. నేను గొంతు లేపితే "నీళ్లా?" అని అడిగినట్టయింది. వేరే వస్తువు పేరు కాలేదు. కాబట్టి గోండి టోన్ భాష కాదు.