దత్తత వచ్చిన పాప మాలిమి కావాలంటే

చట్టప్రకారం దత్తతకు వచ్చే పసిబిడ్డ పుట్టగానే కొత్త అమ్మ ఒడికి చేరదు. కన్నవాళ్లు బిడ్డను శిశు సంక్షేమ కమిటీకి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలల గడువు ఉంటుంది. ఆ తర్వాతే కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ ద్వారా తల్లిదండ్రులను కుదురుస్తారు. ఇంటికొచ్చేసరికి బిడ్డకు సాధారణంగా కొన్ని నెలలు నిండి ఉంటాయి. ఆ నెలలన్నీ శిశుగృహంలో గడుస్తాయి. అక్కడి ఆయాలు ఎంత ప్రేమగా చూసినా డ్యూటీలు మారుతుంటాయి, ఒక్కొక్కరి చేతికింద చాలామంది పిల్లలుంటారు. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకునే చేయి దొరకదు.

ఆరు నెలల పాప అలా ఒక ఇంటికి వచ్చిందనుకుందాం. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు ‘ఈ మనిషి నా మనిషి’ అని గుర్తుపట్టి, కొత్తవాళ్లను చూసి బెదరడం మొదలుపెడతారు. ఈ పాప మాత్రం ఏడవదు. పాలసీసా తానే పట్టుకుంటుంది, తాగుతూ పైకప్పుకేసి చూస్తుంది, ఎవరు చేతులు చాపినా వెళ్తుంది. చుట్టాలు ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని మురిసిపోతారు. నిజానికి ఏడ్చినా ఎవరూ రారని పాప నేర్చుకుని ఉండవచ్చు. ఏడిస్తే వస్తారని ఇప్పుడు నేర్పాలి. అదీ ప్రతిసారీ ఒకే మనుషులు రావాలి.

అందుకే మొదటి వారాల్లో ఇల్లు పాప పాత అలవాట్లకు సర్దుకోవాలి. పాలపొడి ఏ రకం, నీళ్లకు కొలత ఎంత, ఏ వేళకు పడతారు, ఎలా నిద్రపుచ్చుతారు అని శిశుగృహంలో అడిగి రాసుకోవాలి. పాప కప్పుకున్న దుప్పటి ఇస్తే తెచ్చుకుని, కొన్నాళ్లు ఉతక్కుండా దగ్గర ఉంచితే తెలిసిన వాసన తోడుంటుంది. మార్చదలచిన వాటిని ఒకేసారి కాకుండా ఒక్కొక్కటిగా మార్చాలి.

పాలు పట్టే పని అమ్మానాన్నలదే కావాలి. సీసాను దిండుకు ఆనించి వదలకూడదు. పాపను మోచేతి వంపులో పడుకోబెట్టుకుని, తల కాస్త ఎత్తులో ఉంచి, ముఖం ముఖానికి ఎదురుగా ఉండేలా పట్టాలి. రోజుకు ఐదారుసార్లు జరిగే ఈ పనే బంధానికి అసలు పునాది. తాగించడం, స్నానం, జోలపాట రోజూ ఒకే వరసలో సాగితే తర్వాత ఏం జరగబోతోందో పాపకు తెలుస్తుంది. తెలిసిన చోట భయం తగ్గుతుంది. పేరంటాలు, చూడ్డానికి వచ్చేవాళ్లు కొన్ని వారాలు ఆగగలరు. నాయనమ్మ వంటపనీ బట్టల పనీ అందుకుంటే, పాపను ఎత్తుకున్నంత సాయం చేసినట్టే.

నెలలు నిండని బిడ్డలను తల్లి ఎదపై ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది. ఒంటి స్పర్శ బిడ్డ గుండె వేగాన్నీ శ్వాసనూ కుదుటపరుస్తుంది. ఆరు నెలల పాపకైనా అది పనికొస్తుంది, నాన్న చేసినా పనిచేస్తుంది. పాపకు డైపర్ మాత్రం ఉంచి చొక్కా లేని ఛాతీకి ఆనించుకుని, వీపు మీద పల్చటి తువ్వాలు కప్పాలి. స్నానం తర్వాత, పాప మెలకువగా, కడుపు నిండి ఉన్నప్పుడు పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. పెద్దవాళ్లకు కునుకు వస్తుంటే పాపను ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టాలి. సోఫాలో ఎదపై పెట్టుకుని నిద్రపోవడం ప్రమాదకరం.

అలవాటు లేని ఒంటికి ఇంత దగ్గరితనం బరువు కావచ్చు. పాప వీపు విల్లులా వంచినా, ముఖం తిప్పుకున్నా, వేళ్లు బిగుసుకున్నట్టు చాచినా ‘ఇక చాలు’ అంటోందన్నమాట. అదిమి పట్టుకోకూడదు. వీపు తమ ఛాతీకి ఆనేలా, ముఖం బయటికి ఉండేలా ఒడిలో కూర్చోబెట్టుకుంటే చూపు కలపాల్సిన ఒత్తిడి ఉండదు. అదీ పడకపోతే అరికాళ్లకు నూనె రాయడంతో మొదలుపెట్టవచ్చు. చెవుల్లో, ముక్కులో మాత్రం నూనె పోయకూడదు.

కొన్ని వారాలు గడిచాక పాప గట్టిగా ఏడవడం, రాత్రిళ్లు లేవడం మొదలవుతుంది. తామేదో తప్పు చేశామని తల్లిదండ్రులు బెంబేలెత్తేది ఇక్కడే. చెవినొప్పి, జ్వరం లాంటి కారణం లేదని తేల్చుకున్నాక, ఆ ఏడుపును శుభసూచనగానే తీసుకోవచ్చు: పిలిస్తే వస్తారని పాప నమ్ముతోంది. పాలు తాగుతూ కళ్లలోకి చూడటం, అమ్మ గొంతు వినగానే ఊరుకోవడం, ఆమె గది దాటితే వెతుక్కోవడం, ఇతరులు ఎత్తుకుంటే మొహం మాడ్చి ఆమెవైపు వాలడం ఆ తర్వాతి గుర్తులు. ఇది వారాల్లోనూ కావచ్చు, నెలలూ పట్టవచ్చు.

రెండు మూడు నెలలైనా పాప చూపు కలపకపోతే, శబ్దానికి తల తిప్పకపోతే, ఒళ్లు మరీ బిగుసుకుపోయినట్టో వేలాడినట్టో ఉంటే అది మాలిమికి సంబంధించినది కాకపోవచ్చు. పిల్లల డాక్టరు చేత వినికిడి, చూపు, ఎదుగుదల పరీక్ష చేయించాలి. అనుమానం బలంగా ఉంటే అన్నాళ్లూ ఆగనక్కర్లేదు. తల్లికి కూడా ప్రేమ మొదటిరోజే పొంగిరాకపోవచ్చు. అది తప్పు కాదు, పాలు పడుతూ పడుతూ వస్తుంది. కానీ దిగులు రెండు వారాలు దాటినా వీడకపోతే ఆమెకూ వైద్య సాయం కావాలి. దత్తత తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి ఇంటికి వచ్చే సామాజిక కార్యకర్తకు ఇలాంటివి దాచకుండా చెప్పుకోవచ్చు.