తరుగుదల రేటు మారింది: అది కొత్త అంచనానా, పాత తప్పా?

గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2023 జనవరిలో తన సర్వర్ల ఆయుష్షును మళ్లీ లెక్కగట్టింది. అప్పటిదాకా 4 సంవత్సరాలు అనుకున్నవి 6 సంవత్సరాలు పనిచేస్తాయని తేల్చింది. కొన్ని నెట్‌వర్క్ పరికరాలకూ 5 బదులు 6 సంవత్సరాలు అన్నది. దీంతో ఆ ఒక్క ఏడాదే తరుగుదల ఖర్చు సుమారు 390 కోట్ల డాలర్లు తగ్గింది. 2022 లెక్కలను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన అవసరమూ లేదు.

దానికి పాతికేళ్ల ముందు, 1998 ఫిబ్రవరిలో, అమెరికాలో చెత్త సేకరించే వేస్ట్ మేనేజ్‌మెంట్ కంపెనీ 1992 నుంచి 1997 వరకు తన లెక్కలను తిరగరాయాల్సి వచ్చింది. అధికంగా చూపిన లాభం సుమారు 170 కోట్ల డాలర్లు. అందులో అన్నీ తరుగుదల వ్యవహారాలే కావు. అయితే చెత్త లారీల ఆయుష్షును ఆధారం లేకుండా పొడిగించడం, చివర్లో వాటికి వస్తుందనుకునే తుక్కు విలువను ఇష్టం వచ్చినట్టు పెంచడం అందులో ముఖ్యమైన భాగమని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆరోపించింది. ఆ లెక్కలను ఆడిట్ చేసిన ఆర్థర్ ఆండర్సన్ 2001లో 70 లక్షల డాలర్ల జరిమానా కట్టింది.

రెండు కంపెనీలూ చేసింది పైకి ఒకటే: ఆస్తి ఆయుష్షు పెంచి తరుగుదల తగ్గించడం. ఒకదాన్ని అంచనా మార్పు అన్నారు, రెండోదాన్ని తప్పు అన్నారు. తేడా మొత్తంలో లేదు. లెక్కలు ఖరారు చేసిన నాటికి చేతిలో ఏ సమాచారం ఉంది, దాన్ని ఎలా వాడారు అన్నదే తేడా.

మన దేశంలో ఈ విషయాన్ని తేల్చేది ఇండ్ ఏఎస్ 8 అనే అకౌంటింగ్ ప్రమాణం. కొత్త సమాచారం వల్లనో, మారిన పరిస్థితుల వల్లనో ఆయుష్షు మారితే అది అంచనా మార్పు. దాని ప్రభావం ఈ ఏడాది మీద, రాబోయే ఏళ్ల మీద మాత్రమే పడుతుంది. పాత లెక్కలు ఆమోదించే నాటికే నమ్మదగిన సమాచారం అందుబాటులో ఉండి, దాన్ని చూడకపోయినా, తప్పుగా వాడినా అది గతకాలపు తప్పు. ఆ మొత్తం పెద్దదైతే పాత ఏళ్ల అంకెలను సరిదిద్ది చూపాలి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఒక కంపెనీ 2020 ఏప్రిల్ 1న 60 లక్షలకు యంత్రం కొన్నది. ఆయుష్షు 15 సంవత్సరాలు, తుక్కు విలువ సున్నా. ఏటా 4 లక్షల చొప్పున 2025 మార్చి 31 నాటికి 20 లక్షల తరుగుదల పోగా పుస్తకాల్లో 40 లక్షలు మిగిలింది. 2025-26లో ఆ యంత్రం మరో 5 సంవత్సరాలకు మించి నడవదని తేలింది. అంటే మొత్తం ఆయుష్షు 15 కాదు, 10.

ఎందుకు తేలిందన్నదే ఇక్కడ ప్రశ్న. ఆర్డర్లు పెరిగి 2025లో మూడో షిఫ్టు మొదలుపెట్టారు, యంత్రం త్వరగా అరిగిపోతోంది అనుకోండి. 2020లో ఈ సంగతి ఎవరికీ తెలిసే వీలు లేదు. కనుక ఇది అంచనా మార్పు. మిగిలిన 40 లక్షలను 5 సంవత్సరాలకు పంచుతారు. ఏటా 8 లక్షలు.

అలా కాక, 2020లోనే ఇంజనీరు 10 సంవత్సరాలని రాసిచ్చిన నివేదిక ఫైల్లో ఉంది, ఆస్తుల రిజిస్టర్లో ఎక్కించేటప్పుడు 10 బదులు 15 పడింది అనుకోండి. ఇది తప్పు. మొదటి నుంచీ ఏటా 6 లక్షలు పోవాల్సింది. ఐదేళ్లలో 10 లక్షలు తక్కువ పడింది. ఆదాయపు పన్ను ప్రభావాన్ని పక్కన పెడితే, 2025-26 నివేదికలో పక్కనే చూపే 2024-25 అంకెల్లో తరుగుదలను 4 లక్షల నుంచి 6 లక్షలకు సవరించాలి. అంతకు ముందు నాలుగేళ్లకు చెందిన 8 లక్షలను 2024 ఏప్రిల్ 1 నాటి మిగులు లాభాల్లోంచి తీసేయాలి. ఇకపై ఏటా 6 లక్షలే ఖర్చు.

ఏ దారిన వెళ్లినా 2030 మార్చికి యంత్రం విలువ సున్నాయే. కానీ అంచనా మార్పు అంటే ఈ ఏడాది లాభం మీద 8 లక్షల భారం, తప్పు అంటే 6 లక్షలే. పాత 10 లక్షలు ఈ ఏడాది లాభనష్టాల ఖాతాను తాకకుండా నేరుగా మిగులు లాభాల్లోంచి పోతాయి. కాబట్టి తప్పు ఒప్పుకోవడం ఎప్పుడూ నష్టదాయకమేనని అనుకోవడానికి లేదు. పాత సంతకాలను కాపాడుకోవాలనుకునేవారు దాన్ని అంచనా మార్పు అంటారు. ఈ ఏటి లాభం బాగా కనిపించాలనుకునేవారు అదే మార్పును పాత తప్పు అనవచ్చు. ఆడిటరు రెండు వైపులా చూడాల్సిందే.

తేల్చడానికి తేదీలున్న కాగితాలే ఆధారం: కొన్ననాటి సాంకేతిక నివేదిక, సరఫరాదారు ఇచ్చిన పత్రాలు, మరమ్మతుల రిజిస్టరు, షిఫ్టుల రికార్డు, ఏటా ఆయుష్షును సమీక్షించినట్టు చూపే నోట్. ఈ సమీక్ష ఐచ్ఛికం కాదు. ప్రతి ఆర్థిక సంవత్సరాంతంలో ఆయుష్షును, తుక్కు విలువను మళ్లీ చూడాలని ఇండ్ ఏఎస్ 16 చెబుతోంది. విలువ సున్నాకు వచ్చిన యంత్రాలు షెడ్డు నిండా ఇంకా నడుస్తుంటే సమీక్ష జరగలేదన్న అనుమానం సహజం. అంతమాత్రాన అది తప్పని తీర్మానించకూడదు. ఇవాళ తెలిసినదాన్ని నిన్నటి వారికి అంటగట్టడాన్ని ప్రమాణం ఒప్పుకోదు. నిన్న తెలుసుకోగలిగి ఉండిందా అన్నదే చూడాలి.

ఆఫీసుల్లో తరచూ వినిపించే వాదన ఒకటుంది: సందేహం ఉంటే అంచనా మార్పుగా తీసుకోవచ్చని ప్రమాణమే చెబుతోంది కదా అని. ఆ వెసులుబాటు అకౌంటింగ్ విధానం మార్పా, అంచనా మార్పా అన్న సందేహానికే. తప్పు విషయంలో అది వర్తించదు.

చట్టం మారితే సంగతి వేరు. 2014 ఏప్రిల్ 1 నుంచి కొత్త కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 2 వచ్చింది. అంతకు ముందు సమాన వాయిదా పద్ధతిలో 16.21 శాతం రేటున్న కంప్యూటర్లకు, అంటే సుమారు 6 సంవత్సరాల్లో తరిగేవాటికి, ఆయుష్షు 3 సంవత్సరాలైంది. మిగిలిన విలువను మిగిలిన ఆయుష్షుకు పంచమన్నారు. ఆయుష్షు అప్పటికే తీరిపోయినవాటిని మిగులు లాభాలకు సర్దుకోనిచ్చారు. 2013-14 లెక్కలు తప్పని ఎవరూ అనలేదు, ఎందుకంటే అవి ఆనాటి చట్టం ప్రకారం సరైనవే.

ఇక చిన్న కంపెనీల మాట. ఇండ్ ఏఎస్ సాధారణంగా స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైనవాటికి, నికర విలువ 250 కోట్లు, ఆపైన ఉన్నవాటికి వర్తిస్తుంది. మిగిలినవి పాత ఏఎస్ 5నే పాటిస్తాయి. అందులో పాత అంకెలను తిరగరాసే పని లేదు. తప్పు తాలూకు మొత్తాన్ని ఈ ఏడాది లాభనష్టాల ఖాతాలోనే, గతకాలపు అంశమని విడిగా కనబడేలా చూపాలి. పై ఉదాహరణలోని కంపెనీ ఈ కోవలోదైతే 10 లక్షలూ ఈ ఏడాదే పడతాయి, వాటితోపాటు ఈ ఏటి 6 లక్షలు.

వాటాలున్నవారు వార్షిక నివేదికలో తరుగుదల హఠాత్తుగా తగ్గినా పెరిగినా, ఆస్తులకు సంబంధించిన నోట్ తెరిచి చూడాలి. ఆయుష్షు ఎంత నుంచి ఎంతకు మారింది, ఏ కొత్త సమాచారం వల్ల మారింది, లాభం మీద ప్రభావం ఎన్ని రూపాయలు అన్న మూడింటికి అక్కడ జవాబు దొరకాలి. దొరకకపోతే వార్షిక సర్వసభ్య సమావేశంలో అడిగే హక్కు వాటాదారులకు ఉంది.